బృహద్ధమని చిరిగినప్పుడు బీపీని అంత కిందికి ఎందుకు దించుతారు?

"మా నాన్నకు 61 ఏళ్లు. మొన్న రాత్రి ఉన్నట్టుండి రెండు భుజాల మధ్య వీపులో భరించలేని నొప్పి వచ్చింది. సీటీ స్కాన్ తీసి టైప్ బి అయోర్టిక్ డిసెక్షన్ అన్నారు. ఆపరేషన్ చేయలేదు. ఐసీయూలో పెట్టి డ్రిప్‌తో బీపీ 110కి, పల్స్ 60 లోపుకి తెచ్చారు. ఇప్పుడు నొప్పి లేదు, బాగానే మాట్లాడుతున్నారు. ఏళ్ల తరబడి 170 ఉన్న మనిషికి 110 అంటే కిడ్నీలు పాడైపోతాయని అన్నయ్య భయపడుతున్నాడు. నొప్పి పోయాక కూడా ఇంత కఠినంగా ఎందుకు?"

నొప్పి పోవడం మంచి గుర్తే. చిరుగు పాకడం ప్రస్తుతానికి ఆగిందని దాని అర్థం. అయితే చిరిగిన చోటు ఇంకా చిరిగే ఉంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం దాని మీదుగానే పోతోంది. ఐసీయూలో ఇలాంటి పేషెంట్లను చాలా ఏళ్లుగా చూస్తున్నవాడిగా చెబుతున్నాను, మొదటి కొన్ని రోజులు ఆ డ్రిప్పే మీ నాన్నగారికి చేస్తున్న అసలు చికిత్స. ఆపరేషన్ చేయలేదు కాబట్టి ఏమీ చేయడం లేదని మాత్రం అనుకోవద్దు. మీ అన్నయ్య భయంలోనూ న్యాయం ఉంది, దాని దగ్గరకు వస్తాను. ముందు లోపల ఏం జరుగుతోందో చెప్పనివ్వండి.

గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాన్నే అయోర్టా అంటారు. అది గుండె నుంచి పైకి లేచి, మెడ కింద వంపు తిరిగి, వెన్నెముక పక్కగా పొట్టలోకి దిగుతుంది. దాని గోడకు మూడు పొరలుంటాయి. లోపలిది పల్చటి నున్నని పొర. మధ్యది మందమైనది, సాగే పీచుతో అల్లుకుని పలుచని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. బయటిది గట్టి తొడుగు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే మధ్య పొరలోని పీచు బలహీనపడి, రేకుల మధ్య పట్టు సడలుతుంది. కొందరికి మార్ఫాన్ వంటి పుట్టుకతో వచ్చే లోపం వల్ల ఆ పట్టు మొదటి నుంచీ తక్కువగా ఉంటుంది.

ఒక రోజు లోపలి పొర ఒకచోట చిరుగుతుంది. గుండె నుంచి పైకి లేచే భాగాన్ని తాకకుండా, వంపు దాటి కిందికి దిగే భాగంలో ఉండేదే టైప్ బి. అందులో ఆ చిరుగు ఎక్కువగా ఎడమ చేతికి రక్తం ఇచ్చే కొమ్మ మొదలయ్యే చోటు దాటగానే వస్తుంది. వంపు దగ్గర కొంత కదిలే అయోర్టా అక్కడి నుంచి వెన్నెముకకు అతుక్కుని నిలిచిపోతుంది, అందుకే ప్రతి కొట్టుడుకూ ఆ చోటు మీద లాగుడు ఎక్కువ. చిరుగులోంచి రక్తం మధ్య పొరలోకి దూరి, పొడవునా రేకులను విడదీసుకుంటూ పోతుంది. కోటుకు అస్తరు కుట్టి ఉంటుంది కదా, ఒకచోట కుట్టు తెగితే వేలు లోపలికి దూరి అస్తరుకూ బట్టకూ మధ్య ఖాళీ ఎలా పెరుగుతూ పోతుందో, అలాగన్నమాట. దీంతో ఒకే నాళంలో రెండు దారులు తయారవుతాయి. రక్తం మామూలుగా పోయే నిజమైన దారి ఒకటి, గోడలోనే పుట్టిన తప్పుడు దారి ఇంకొకటి. వాటి మధ్య ఊడిన లోపలి పొర తెరలా ఊగుతూ ఉంటుంది.

తప్పుడు దారికి బయటి గోడగా మిగిలింది బయటి తొడుగు, దానికి అంటుకున్న కొద్దిపాటి మధ్య పొర మాత్రమే. గోడ పలచనైంది, నాళం వెడల్పూ పెరిగింది. లోపలి ఒత్తిడి అంతే ఉన్నా, నాళం ఎంత వెడల్పయితే, గోడ ఎంత పలచనైతే, గోడ మీద లాగుడు అంత పెరుగుతుంది. అది పగిలితే రక్తం ఛాతీలోకి పోతుంది, అప్పుడు చేతిలో ఉండేది నిమిషాలే. చిరుగు కిందికి పాకితే పేగులకూ కిడ్నీలకూ కాళ్లకూ వెళ్లే కొమ్మలు మూసుకుపోవచ్చు. వెనక్కి, అంటే గుండె వైపు పాకితే అది టైప్ ఎ అవుతుంది, అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయాల్సిందే. టైప్ ఎ కి సర్జరీ లేకుండా వదిలేస్తే మొదటి రోజుల్లో గంటకు సుమారు 1 నుంచి 2 శాతం మంది చనిపోతారని చాలా కాలంగా చెబుతారు. మీ నాన్నగారిది ఆ రకం కాకపోవడం ఊరట కలిగించే విషయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ చిరుగును ముందుకు నెట్టేది ఏమిటి?

చాలామంది మానిటర్ మీద కనిపించే పై అంకె, అంటే 170, 110 అనేదే అంతా అనుకుంటారు. అది ముఖ్యమే. అయితే ప్రతి కొట్టుడులో ఒత్తిడి ఎంత వేగంగా పైకి దూకుతుందనేది కూడా అంత ముఖ్యం. గుండె ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు ఒత్తిడి అల నాళంలో కొరడాలా సాగుతుంది. ఆ కుదుపుకు ఊడిన తెర ఎగిరి, పొర అంచు మరికాస్త విడిపోతుంది. బలహీనపడ్డ కుట్టును నెమ్మదిగా లాగితే కాసేపు ఓర్చుకుంటుంది, పదే పదే గుంజితే తెగిపోతుంది.

ఇది ఊహ కాదు. మైరన్ వీట్ అనే అమెరికన్ సర్జన్ బృందం 1965లో ఈ జబ్బుకు ఆపరేషన్ లేకుండా మందులతో చికిత్స చేసిన అనుభవాన్ని ప్రచురించింది. ఆ తర్వాత ప్లాస్టిక్ గొట్టాల నమూనాల్లోనూ కుక్కల అయోర్టాల్లోనూ పరీక్షించి చూశారు. ద్రవం ఆగకుండా సమానంగా ప్రవహిస్తే, ఒత్తిడి బాగా పెంచినా చిరుగు ముందుకు పాకలేదు. కొట్టుకుంటూ, ఆగుతూ, మళ్లీ కొట్టుకుంటూ పంపితే పాకింది. అందుకే ఈ చికిత్సలో ముందు పట్టుకునేది పల్స్ వేగాన్ని, కొట్టుడు తీవ్రతను. ఆ తర్వాతే ఒత్తిడి అంకెను.

ఒక లెక్క వేస్తే ఇది ఎంత పనో అర్థమవుతుంది. నొప్పితో, భయంతో వచ్చిన మనిషి పల్స్ 104 అనుకుందాం. గంటకు 6,240 కొట్టుళ్లు. దాన్ని 60కి తెస్తే 3,600. అంటే గంటలో చిరుగు మీద 2,640 గుంజుళ్లు తగ్గాయి, పైగా మిగిలినవి కూడా మెత్తబడ్డాయి.

అందుకే మొదట ఇచ్చేది బీటా బ్లాకర్ మందు. ఎస్మొలాల్ గానీ లాబెటలాల్ గానీ నరంలోకి ఇస్తారు. ఎస్మొలాల్ ప్రభావం ఆపిన కొన్ని నిమిషాల్లోనే తగ్గిపోతుంది, కాబట్టి ఐసీయూలో దాన్ని పెంచడం, తగ్గించడం తేలిక. పల్స్ 60 దగ్గరకు వచ్చాక కూడా బీపీ 120 పైనే ఉంటే, అప్పుడు రక్తనాళాలను వదులు చేసే మందు కలుపుతారు. ఈ వరుస తారుమారు కాకూడదు. నాళాలను వదులు చేసే మందును ముందుగా ఒక్కదాన్నే ఇస్తే, ఒత్తిడి పడగానే శరీరం కంగారుపడి గుండెను వేగంగా, గట్టిగా కొట్టిస్తుంది. అప్పుడు మానిటర్ మీద అంకె బాగుంటుంది, లోపల గుంజుడు పెరుగుతుంది. ఆస్తమా వంటి కారణాలతో బీటా బ్లాకర్ పడనివారికి డిల్టియాజెమ్ వంటి వేరే మందుతో పల్స్ తగ్గిస్తారు.

నొప్పి మందు కూడా ఈ చికిత్సలో భాగమే. నొప్పి ఉన్నంతసేపు శరీరంలో అడ్రినలిన్ పెరిగి పల్స్, బీపీ రెండూ ఎగస్తాయి. అందుకే మొదటి గంటలోనే మార్ఫిన్ గానీ ఫెంటనిల్ గానీ తగినంత ఇస్తాం. మలబద్ధకం రాకుండా కూడా మందు ఇస్తాం, ఎందుకంటే ముక్కినప్పుడు ఒక్కసారిగా ఒత్తిడి పెరుగుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను రౌండ్స్‌లో రోజూ అడిగే ప్రశ్న.

ఒక పేషెంట్ గురించి చెబుతాను, మీ ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. ఆయనకు 54 ఏళ్లు. బీపీ మాత్రలు మూడు నెలలుగా మానేశారు. బరువు ఎత్తుతుండగా వీపులో చీల్చినట్టు నొప్పి వచ్చి, కాసేపటికి నడుము వైపు దిగింది. నొప్పి అలా చోటు మారడం ఈ జబ్బుకు పెద్ద సూచన, ఎందుకంటే చిరుగు ఎటు పాకితే నొప్పి అటు పోతుంది. ఈసీజీ మామూలుగానే ఉంది. స్కాన్‌లో టైప్ బి తేలింది. వచ్చినప్పుడు కుడి చేతిలో బీపీ 194, ఎడమ చేతిలో 140. చిరుగు కొంచెం వెనక్కి వెళ్లి ఎడమ చేతికి పోయే కొమ్మను నొక్కింది. మందులు మొదలుపెట్టి గంటలోపు కుడి చేతిలో 116కి, పల్స్ 58కి తెచ్చాం. నొప్పి పోయింది.

రాత్రి డ్యూటీ మారేటప్పుడు కుడి చేతికి రక్తపరీక్ష కోసం సూది పెట్టి, బీపీ పట్టీని ఎడమ చేతికి మార్చారు. మానిటర్ మీద 92 చూపించింది. బీపీ మరీ పడిపోయిందని డ్రిప్ తగ్గించారు. తెల్లవారుజామున మానిటర్ 110 చూపిస్తోంది, అందరికీ నిశ్చింత. ఆయన మాత్రం 'వీపులో మళ్లీ మొదలైంది' అన్నారు. నేను వెళ్లి కుడి చేతిలో చూస్తే 168. పల్స్ 82. ఎడమ చేతికి వెళ్లే దారి సగం మూసుకుపోయినందున అక్కడి అంకె అబద్ధం చెప్పింది. అయోర్టా లోపల ఉన్న నిజమైన ఒత్తిడి కుడి చేతిలోనే తెలుస్తుంది.

అరగంటలో పల్స్‌నూ బీపీనీ మళ్లీ దించాం. స్కాన్ మళ్లీ తీస్తే చిరుగు ముందు రోజు కంటే కిందికి పాకి ఎడమ కిడ్నీ కొమ్మ దగ్గరకు వచ్చింది. ఆ కిడ్నీకి రక్తం ఇంకా అందుతోంది కాబట్టి మందులతోనే కొనసాగించాం. కుడి మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి బీపీని నిరంతరం చూశాం, మంచం మీద 'బీపీ కుడి చేతిలోనే' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. అప్పటి నుంచి ప్రతి డిసెక్షన్ పేషెంట్‌కూ మొదటి గంటలో రెండు చేతుల్లోనూ చూసి, ఎక్కువ ఉన్న చేతి అంకెను బట్టే మందు నడపమని నేను చీటీ మీద రాయిస్తాను. మీరు ఐసీయూలోకి వెళ్లినప్పుడు నాన్నగారి ఏ చేతిలో చూస్తున్నారో, రెండు చేతుల మధ్య తేడా ఎంతో మర్యాదగా అడగండి. అది మీరు అడగదగ్గ ప్రశ్నే.

ఇప్పుడు మీ అన్నయ్య భయం. 170కి అలవాటు పడ్డ శరీరానికి 110 తక్కువ అనిపించవచ్చు, ఆ మాట నిజమే. అందుకే లక్ష్యాన్ని మేం ఇలా అనుకుంటాం: పై అంకె 100 నుంచి 120 మధ్య, అందులోనూ అవయవాలకు రక్తం సరిపోయేంతగా. మిగతావాటిని చూడకుండా 110 అంకె కోసమే మందు పెంచుకుంటూ పోం. గంటకు ఎంత మూత్రం వస్తోందో కొలుస్తాం. 70 కిలోల మనిషికి గంటకు కనీసం 35 మిల్లీలీటర్లు రావాలి. మనిషి తెలివిగా మాట్లాడుతున్నారా, కాళ్లు వెచ్చగా ఉన్నాయా, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందా చూస్తాం. మీ నాన్నగారు బాగా మాట్లాడుతున్నారంటే మెదడుకు రక్తం అందుతోందని అర్థం.

మూత్రం తగ్గితే? బీపీ తక్కువైందని తేల్చేసుకుని మందు ఆపేయడం తొందరపాటు. ఊగుతున్న తెర కిడ్నీ కొమ్మ నోటికి అడ్డంగా వాలి ఉండవచ్చు. అప్పుడు లోపం మందుది కాదు, చిరుగుది. బీపీ పెంచితే తెర మీద తోపుడు పెరిగి పరిస్థితి ఇంకా పాడవవచ్చు. ఇంకో సంగతి, కిడ్నీకి రక్తం తగ్గితే అది బీపీని పెంచే హార్మోన్లను వదులుతుంది. మూడు, నాలుగు మందులు ఇస్తున్నా బీపీ దిగకపోతే కూడా మాకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. ఇలాంటప్పుడు మళ్లీ స్కాన్ తీసి, అవసరమైతే తొడ దగ్గరి నాళంలోంచి స్టెంట్ గ్రాఫ్ట్, అంటే గుడ్డ తొడిగిన లోహపు జాలీ గొట్టాన్ని పంపి చిరుగు నోటిని మూసేస్తారు. అప్పుడు తప్పుడు దారిలోకి పోయే రక్తం తగ్గి, నిజమైన దారి తెరుచుకుంటుంది.

మీ నాన్నగారి విషయంలో వెంటనే డాక్టర్‌ను పిలవాల్సినవి ఇవి: నొప్పి తిరిగి రావడం, అది ఎంత చిన్నదైనా సరే. కడుపులో తీవ్రమైన నొప్పి, ముఖ్యంగా చేత్తో నొక్కితే అంతగా లేకపోయినా మనిషి మెలికలు తిరిగిపోతుంటే, అది పేగులకు రక్తం అందడం లేదనడానికి గుర్తు కావచ్చు. ఒక కాలు చల్లబడడం, తిమ్మిరెక్కడం. రెండు కాళ్లలో బలం తగ్గడం, ఎందుకంటే వెన్నుపాముకు వెళ్లే కొమ్మలు కూడా ఇక్కడి నుంచే. ఆయన ఓర్చుకునే స్వభావం ఉన్నవారైతే, చిన్న నొప్పైనా దాచకుండా చెప్పమని మీరే చెప్పండి. మీరు చెబితే వింటారు.

కొన్ని రోజులకు డ్రిప్ తీసి మాత్రల మీదకు మారుస్తారు. ఒక్కోసారి మూడు, నాలుగు రకాలు కావాల్సి వస్తుంది, అది చూసి కంగారు పడవద్దు. ఇంటికి వెళ్లాక బీపీ 130/80 లోపు, పల్స్ 60 దగ్గరగా ఉండేలా చూస్తారు. చిరుగు మానినా తప్పుడు దారి చాలామందిలో పూర్తిగా మూసుకోదు. అందుకే ఆ నాళం ఏళ్ల తర్వాత కూడా మెల్లగా ఉబ్బవచ్చు. సాధారణంగా మొదటి నెలలో, ఆరో నెలలో, ఏడాదికి, తర్వాత ఏటా స్కాన్ తీసి వెడల్పు కొలుస్తారు. అది 5.5 సెంటీమీటర్ల దగ్గరకు వచ్చినా, వేగంగా పెరుగుతున్నా స్టెంట్ గ్రాఫ్ట్ గురించి ఆలోచిస్తారు.

బీటా బ్లాకర్ మాత్రను ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే పల్స్, బీపీ ముందుకంటే ఎక్కువగా ఎగసి, సరిగ్గా మనం ఆపాలనుకున్న గుంజుడే మళ్లీ మొదలవుతుంది. నేను చెప్పిన ఆ 54 ఏళ్ల ఆయన మొదటిసారి మాత్రలు మానేసింది ఒళ్లు బాగుందనిపించడం వల్లే. బరువులు ఎత్తడం, ఊపిరి బిగపట్టి చేసే పనులు మానాలి. నడక మాత్రం మంచిది. ఇన్ఫెక్షన్‌కు ఎవరైనా సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటి మందు రాస్తే అయోర్టా జబ్బు ఉందని చెప్పాలి. అయోర్టా బలహీనంగా ఉన్నవారికి వేరే మార్గం లేనప్పుడు తప్ప వీటిని ఇవ్వవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

మీరు, మీ అన్నయ్య కూడా రెండు చేతుల్లో బీపీ చూపించుకుని, ఛాతీలోని అయోర్టా వెడల్పు ఎంతుందో ఒకసారి స్కాన్‌తో చూపించుకోండి. ఇది కొన్ని కుటుంబాల్లో తరాలుగా వస్తుంది. మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా హఠాత్తుగా ఛాతీ నొప్పితోనో, కారణం తెలియకుండానో చిన్న వయసులో పోయి ఉంటే, ఆ సంగతి ఇప్పుడే డాక్టర్‌కు చెప్పండి. అది మీ నాన్నగారి చికిత్సకూ పనికొస్తుంది.